వీపీఎన్ ఆన్‌లో ఉన్నా స్ట్రీమింగ్ సైటు ఎలా పసిగడుతోంది?

తీరని_సందేహం

డబ్బు కట్టి తీసుకున్న వీపీఎన్ వాడుతున్నాను. లీక్ టెస్టులన్నీ శుభ్రంగా వస్తున్నాయి, స్పీడు కూడా బాగానే ఉంది. స్ట్రీమింగ్ సైటు తెరుచుకుంటుంది, నేను ఎంచుకున్న దేశపు సినిమాల జాబితా కూడా కనిపిస్తుంది. తీరా ప్లే నొక్కగానే, ప్రాక్సీ వాడుతున్నారు, దాన్ని ఆపి మళ్లీ ప్రయత్నించండి అన్న సందేశం వస్తుంది. కుకీలు తుడిచాను, ఇన్‌కాగ్నిటోలో చూశాను, అదే దేశంలో సర్వర్లు మార్చాను; ఫలితం మారలేదు. నా దగ్గర నుంచి వీపీఎన్ సర్వర్ దాకా అంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తున్నప్పుడు సైటుకు ఏం కనబడి ఈ నిర్ణయానికి వస్తోంది? అడ్డదారి చెప్పమని అడగడం లేదు, లోపల ఏం జరుగుతోందో తెలిస్తే చాలు.

గోరింక

వీపీఎన్ ప్యాకెట్లకు ఒక ప్రత్యేకమైన తీరు ఉంటుందండీ. లోపలి విషయం చదవలేకపోయినా, ఇది వైర్‌గార్డ్, ఇది ఓపెన్‌వీపీఎన్ అని ఆ తీరును బట్టే చెప్పే పరికరాలు ఉన్నాయి. సైటు చేస్తున్నది కూడా అదే అయి ఉండాలి. మీ యాప్‌లో ప్యాకెట్ల రూపు మార్చే ఆప్షన్ ఏదైనా ఉంటే ఆన్ చేసి చూడండి. నేను వాడిన ఒక నెట్‌వర్క్‌లో వీపీఎన్ అసలు కనెక్టే అయ్యేది కాదు, అది ఆన్ చేయగానే అయింది.

పాత_మోడెమ్

గోరింక గారు చెప్పిన పరికరాలు ఉన్న మాట నిజమే, కానీ అవి ఉండేది దారిలో ఇంకోచోట. మీకూ వీపీఎన్ సర్వర్‌కూ మధ్య ఉన్నవాళ్లు, అంటే మీ ఇంటర్నెట్ సంస్థగానీ ఆఫీసు నెట్‌వర్క్‌గానీ, ఆ ప్యాకెట్ల తీరు చూసి ఆపగలరు. ఆయనకు ఎదురైంది అదే. కానీ ఆ సొరంగం వీపీఎన్ సర్వర్ దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి స్ట్రీమింగ్ సైటు దాకా వెళ్లేది అందరి బ్రౌజర్ల నుంచీ వెళ్లే మామూలు కనెక్షనే. కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా, ప్యాకెట్ల రూపు ఎంత మార్చినా, ఈ సమస్యకు సంబంధం లేదు.

సైటు ప్రధానంగా చూసేది ఒక్కటే: కనెక్షన్ ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చింది, ఆ అడ్రస్ ఎవరిది. ఇది రహస్యమేమీ కాదు, మీరూ చూడవచ్చు. వీపీఎన్ ఆన్‌లో ఉంచి మొదటి కమాండ్‌తో మీ బయటి అడ్రస్ తెలుసుకుని, రెండో కమాండ్‌లో నేను నమూనాగా పెట్టిన అడ్రస్ స్థానంలో దాన్ని పెట్టండి.

```
curl -4 https://ifconfig.me
whois -h whois.cymru.com " -v 203.0.113.25"
```

వచ్చే వరుసలో మొదట ఒక ఏఎస్ నంబరు, చివర దాని యజమాని పేరు ఉంటాయి. ఇంటర్నెట్‌లో ప్రతి అడ్రస్‌నూ ఏదో ఒక నెట్‌వర్క్ తనదిగా ప్రకటించుకోవాలి, ఆ నెట్‌వర్క్‌కు ఇచ్చిన గుర్తే ఆ నంబరు. ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే సంస్థ పేరు వస్తే ఒక అర్థం, సర్వర్లు అద్దెకిచ్చే సంస్థ పేరు వస్తే మరో అర్థం. డేటా సెంటర్‌లో కూర్చుని రాత్రిపూట సీరియల్ చూసేవారు ఎవరూ ఉండరు కదా!

ఇలాంటి వివరాలను పోగుచేసి అమ్మే సంస్థలు కూడా ఉన్నాయి. మ్యాక్స్‌మైండ్ అమ్మే ఒక డేటాబేస్‌లో ప్రతి అడ్రస్‌కూ `is_hosting_provider`, `is_anonymous_vpn`, `is_residential_proxy` వంటి గుర్తులు ఉంటాయి. వీపీఎన్ అడ్రస్‌లు పట్టుకోవడం కూడా కష్టమేమీ కాదు: ఎవరైనా ఆ వీపీఎన్‌కే చందా కట్టి, ఒక్కో సర్వర్‌కూ కనెక్ట్ అయి, బయటికి ఏ అడ్రస్ కనబడుతోందో రాసుకుంటే జాబితా తయారవుతుంది.

తీరని_సందేహం

మీరు చెప్పినట్టే చేశాను. చివరి గడిలో సర్వర్లు అద్దెకిచ్చే ఒక సంస్థ పేరే వచ్చింది. ఇంకో విషయం కూడా కంటబడింది: అదే నగరంలోని వేరే సర్వర్‌కు మారినప్పుడు అడ్రస్‌లో చివరి అంకె మాత్రమే మారింది, మొదటి మూడు భాగాలూ అవే. సర్వర్ మార్చినా ఫలితం ఎందుకు మారలేదో ఇప్పుడు అర్థమైంది. అయితే సైటు మొదటే ఆపకుండా జాబితా అంతా చూపించి, ప్లే నొక్కాక ఆపడం ఏమిటి? ఐపీ చూసే పనైతే తలుపు దగ్గరే చూడవచ్చు కదా?

పాత_మోడెమ్

ఆ అంకెల సంగతి బాగా గమనించారు. మొదటి మూడు భాగాలూ ఒకటే అయిన 256 అడ్రస్‌ల గుంపును ఒకేసారి ఒకే సంస్థ ప్రకటించడం మామూలు, దాన్ని మొత్తంగా గుర్తుపెట్టుకోవడం కూడా అంతే తేలిక. లోపల ఏ సర్వర్‌కు మారినా మీరు ఆ గుంపులోనే తిరుగుతుంటారు.

ఇక జాబితా సంగతి. ఇక్కడ సైటు రెండు వేర్వేరు ప్రశ్నలు వేసుకుంటోంది. ఈ అడ్రస్ ఏ దేశానిది అన్నది మొదటిది. దీనికి జవాబు దొరికితే చాలు, పోస్టర్లు, పేర్లు చూపించవచ్చు, వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ దేశపు సమాధానాన్ని నమ్మవచ్చా అన్నది రెండోది. వీడియో తెరవడానికి తాళంచెవి ఇవ్వాల్సిన క్షణంలోనే ఈ ప్రశ్నకు విలువ వస్తుంది, ఎందుకంటే సినిమా హక్కుల ఒప్పందం దేశాలవారీగా ఉంటుంది, ఒప్పందం దాటడమంటే వీడియో నిజంగా అక్కడికి చేరడమే. అందువల్ల తనిఖీని ప్లే దగ్గర పెట్టుకోవడం వాళ్ల వైపు నుంచి చూస్తే సబబే. అన్ని సైట్లూ ఇలాగే చేయవు, కొన్ని లాగిన్ దగ్గరే ఆపేస్తాయి. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్నిసార్లు సందేశమేదీ రాకుండా, అన్ని దేశాల్లోనూ తమకు హక్కులున్న కార్యక్రమాలు మాత్రమే మిగిలేలా జాబితా కుదించుకుపోతుంది. వీపీఎన్ పనిచేస్తోందనుకుని, సినిమాలు తక్కువున్నాయేమిటని ఆశ్చర్యపడేవారు ఈ కోవలోనివారే.

2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ఒకేసారి 130 కొత్త దేశాల్లో మొదలైంది. ప్రాక్సీలను అడ్డుకుంటామని ప్రకటించింది కూడా ఆ నెలలోనే. ప్రపంచమంతా విస్తరించాక దేశాలవారీ హక్కుల సరిహద్దును కాపాడమని హక్కుదారులు పట్టుబట్టకుండా ఎలా ఉంటారు?

చంద్రకాంత

నా సమస్యకూ జవాబు ఇక్కడే దొరుకుతుందని రాస్తున్నాను. నేను వీపీఎన్ వాడనే వాడను, అయినా ఇంటి వైఫైలో టీవీలో ఇదే సందేశం వస్తోంది. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే వీపీఎన్ ఆపమంటారు. లేనిదాన్ని ఆపేదెలా? ఫోన్‌లో మొబైల్ డేటాతో మాత్రం అదే అకౌంట్ హాయిగా నడుస్తోంది. టీవీ పాడైందనుకోవాలా?

పాత_మోడెమ్

చంద్రకాంత గారూ, మొబైల్ డేటాతో నడుస్తోందంటే అకౌంట్‌లో లోపం లేదు, ఇంటి అడ్రస్ మీదే ఏదో మచ్చ పడింది. టీవీని అనుమానించే ముందు వైఫైలోనే ఫోన్‌తో చూడండి. అక్కడా ఇదే సందేశం వస్తే టీవీ నిర్దోషి.

తర్వాత రౌటర్ పేజీలో వాన్ అడ్రస్, అంటే మీ సంస్థ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే మీ బయటి అడ్రస్ మీ ఒక్కరిది కాదని అర్థం. మీ సంస్థ ఒకే అడ్రస్‌ను అనేక ఇళ్లకు పంచుతోంది. ఆ ఇళ్లలో ఒక్కరు తమ కనెక్షన్‌ను ప్రాక్సీగా బయటివారికి ఇచ్చినా ఆ మచ్చ అందరికీ అంటుతుంది. 2021 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ ఇళ్ల అడ్రస్‌ల నుంచి నడిచే ప్రాక్సీల మీద పడ్డప్పుడు, ఏ పాపం ఎరుగని మామూలు చందాదారులు కూడా ఇలాగే చిక్కుకున్నట్టు వార్తలు వచ్చాయి.

అడ్రస్ మీ ఒక్కరిదే అయితే మాత్రం చూపు ఇంటి లోపలికి తిప్పాలి. ఉచితంగా దొరికే కొన్ని వీపీఎన్ యాప్‌లు, ఊరూపేరూ లేని కొన్ని టీవీ పెట్టెలు మీకు తెలియకుండానే మీ కనెక్షన్‌ను అద్దెకిస్తుంటాయి. రాత్రి ఎవరూ ఏమీ చూడని వేళ రౌటర్‌లో అప్‌లోడ్ ఎవరి పేరు మీద కదులుతోందో చూస్తే దొరికిపోతుంది. అయితే ఆ పరికరం తీసేసిన వెంటనే సందేశం పోదు, జాబితాలు సరిదిద్దుకోవడానికి సమయం పడుతుంది. ఈలోగా కొత్త అడ్రస్ ఇమ్మని మీ సంస్థను అడగవచ్చు.

నిశాచరి

దీన్ని పోలినట్టు కనిపించే ఇంకో పరిస్థితి ఉంది, రెంటినీ కలిపేయకూడదు. కొన్ని వీపీఎన్ యాప్‌లు పాత తరహా అడ్రస్‌లైన ఐపీవీ4ను మాత్రమే సొరంగంలోకి తీసుకుని, కొత్త తరహా ఐపీవీ6ను అలాగే వదిలేస్తాయి. సైటుకు ఐపీవీ6 ఉంటే బ్రౌజర్ దాన్నే ఎంచుకోవచ్చు. అప్పుడు సైటుకు కనబడేది మీ అసలు ఇంటి అడ్రసే. ఇక్కడ ప్రాక్సీ సందేశం రాదు, వీపీఎన్ పెట్టనట్టే మీ దేశపు జాబితా వస్తుంది. పైన ఇచ్చిన `curl` కమాండ్‌ను ఒకసారి `-4`తో, ఒకసారి `-6`తో నడిపి, రెండో దానికి మీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ అడ్రస్ వస్తే లోపం అదే.

తీరని_సందేహం

నా కనెక్షన్‌లో ఐపీవీ6 లేదు, కాబట్టి నాది మొదటి రకమే. కొన్ని వీపీఎన్‌లు ఇళ్ల ఐపీ ఇస్తామని ఎక్కువ ధరకు అమ్ముతున్నాయి. ఈ లెక్కన అవి పనిచేయాలి కదా?

పాత_మోడెమ్

కొంతకాలం పనిచేయవచ్చు. బ్రాడ్‌బ్యాండ్ సంస్థ నుంచి నేరుగా అడ్రస్‌లు అద్దెకు తీసుకుంటే అదొక తీరు. చంద్రకాంత గారిలాంటివారి ఇళ్ల నుంచి వారికి తెలియకుండా తెచ్చినవైతే, మీరు సినిమా చూస్తుంటే మచ్చ ఇంకొకరికి పడుతుంది. ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పని సంస్థకు నేనైతే డబ్బు కట్టను.

గోరింక

ప్యాకెట్ల సంగతి ఇంకోచోటిదన్నారు, ఒప్పుకుంటాను. కానీ పూర్తిగా కొట్టిపారేయకండి. వైర్‌గార్డ్ మామూలుగా 1420 బైట్ల ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కు గరిష్ఠ సైజు, పెట్టుకుంటుంది. మామూలు ఇంటి కనెక్షన్ మొదటి ప్యాకెట్‌లో ఎంఎస్ఎస్, అంటే ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా, 1460 అని చెబితే, వైర్‌గార్డ్ గుండా వచ్చినది 1380 అని చెబుతుంది. ఇది సర్వర్ దగ్గర ముగిసిపోకుండా సైటు దాకా వెళ్తుంది కదా?

పాత_మోడెమ్

ఇది సరైన మాటే. సర్వర్ దాన్ని సరిదిద్దకపోతే సైటుకు కనబడుతుంది. కానీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే పీపీపీఓఈ బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇళ్లలో 1452 ఉంటుంది, మొబైల్ నెట్‌వర్క్‌లలో ఇంకా చిన్నవీ ఉంటాయి. ఆ అంకె ఒక్కదాన్నే నమ్మి చందాదారును బయటికి పంపితే ఫోన్‌లో చూసేవారిలో చాలామంది బలైపోతారు. మిగతా అనుమానాలకు తోడుగా వాడుకోవచ్చు. అంతకు మించిన బరువు దానికి ఇస్తారని నేను అనుకోను.

గోరింక

వాడుతున్నారనే నా అనుమానం.

నిశాచరి

దీనికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. నేను మా ఇంటి రౌటర్‌లోనే వైర్‌గార్డ్ సర్వర్ పెట్టుకున్నాను. బయట ఉన్నప్పుడు దానికి కనెక్ట్ అయి, నా అకౌంట్‌తోనే చూస్తాను. ఎన్‌క్రిప్షన్ అదే, ఎంటీయూ 1420 అలాగే ఉంది, మారింది బయటి అడ్రస్ ఒక్కటే, అది మా ఇంటిది. ఒక్కసారి కూడా ప్రాక్సీ సందేశం రాలేదు. ఇబ్బందల్లా ఇంటి అప్‌లోడ్ స్పీడుతోనే, బొమ్మ అప్పుడప్పుడు మసకబారుతుంది.

చంద్రకాంత

వైఫైలో ఫోన్‌తో చూశాను, అదే సందేశం. రౌటర్‌లో వాన్ అడ్రస్ 100.81తో మొదలవుతోంది. విడిగా అడ్రస్ ఇవ్వాలంటే నెలకు అదనంగా కట్టమంటున్నారు. పక్కింటివాళ్ల ప్రాక్సీకి నేనెందుకు కట్టాలో ఎవరైనా చెప్పగలరా?