షార్త్ర్ కెథడ్రల్ కిటికీలో చెప్పులు కుట్టేవాళ్లు ఎందుకున్నారు?

ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కెథడ్రల్ రంగు అద్దాల గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

13వ శతాబ్దం మొదట్లో చేసిన కిటికీ ఒకటి ఉంది కదా, బైబిల్లో యేసు చెప్పిన మంచి సమరయుడి కథ బొమ్మలతో, దాన్ని కింద నుంచి పైకి చదవాలి. దొంగలు కొట్టి పడేసిన బాటసారి కథ ముందు వస్తుంది, దాని పైన ఆదాము హవ్వల కథ. అంటే ఆ బాటసారి పాపంలో పడ్డ మనిషే అని అర్థం. కానీ ఈ లింకు చదువురాని మనిషికి బొమ్మ చూస్తేనే తెలిసిపోతుందా, లేక ప్రసంగంలో ముందే విని ఉండాలా? నాకైతే రెండోదే అనిపిస్తోంది.

ఇంకోటి, అడుగున చెప్పులు కుట్టేవాళ్ల బొమ్మలున్నాయి. డబ్బు వాళ్లే ఇచ్చారని కొందరు, చర్చి పెద్దలే అలా వేయించారని కొందరు అంటున్నారు. దేనికి ఆధారం గట్టిగా ఉంది?

పైగా ముదురు నీలం, ఎరుపు గాజు వెలుగుని చాలావరకు ఆపేస్తుంది, లోపల మసకగానే ఉంటుంది. వెలుగే దైవం అనుకున్నవాళ్లు తెల్లగాజు పెట్టకుండా ఈ చీకటి ఎందుకు కోరుకున్నారు? ఖరీదైన రంగు కనబడాలనా?