వార్త మధ్యలో ఇరుక్కున్న ధరల పట్టికను బయటికి తీయడం ఎలా?

బ్రాడీపేట:
మిర్చి యార్డు ధరల పట్టిక పేపరు పేజీలో మూడు, నాలుగు కాలమ్‌ల మధ్య బాక్సులో ఉంది. వార్త దాని చుట్టూ తిరిగి వెళ్తోంది. పీడీఎఫ్ నుంచి `pdfplumber`తో తీస్తే పక్క వార్త ముక్కలు గడుల్లోకి వచ్చేస్తున్నాయి. గడుల మధ్య గీతలు లేవు కాబట్టి `"text"` పద్ధతి పెట్టాను. ఇలాంటి పేజీలు 40 ఉన్నాయి. ఏం చేయాలి?

గవర్నర్‌పేట:
పేజీ మొత్తం ఇస్తే అంతే. ముందు పట్టిక ఉన్న ముక్కను `crop` చెయ్యి తమ్ముడూ, తర్వాత తియ్యి. దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు.

మంగళగిరి:
అది అను ఫాంటు సమస్య. పాత పేజీల్లో తెలుగు కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. నా దగ్గర రెండేళ్ల పేజీలు అలాగే మూలన పడి ఉన్నాయి.

బ్రాడీపేట:
అన్నా, అక్షరాలు బాగానే వస్తున్నాయి, అవి రావాల్సిన చోటికి రావట్లేదు. అక్కా, మీరు చెప్పినట్టు `crop` చేశాను. వార్త చాలావరకు పోయింది గానీ ఎడమ అంచున సగం తెగిన అక్షరాలు మిగిలాయి. పైగా ఒక రకం మూడు వరుసలుగా విడిపోతోంది: మొదట "దేవనూరు" ఒక్కటే, దాని కింద రెండు ధరలు, ఆ కింద "డీలక్స్" ఒక్కటే.

పటమట:
పదిహేనేళ్లు పేజీలు పెట్టినవాణ్ణి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

`"text"` పద్ధతి నిలువు గీతల్ని ఎలా ఊహిస్తుందో చూడండి. మూడు మాటల అంచులు నిలువునా ఒకే వరుసలో ఉంటే చాలు, అక్కడ కాలమ్ ఉందనుకుంటుంది. వార్త కాలమ్‌లో ముప్పై నలభై లైన్లు ఒకే అంచున మొదలవుతాయి. మీ పట్టికలో ఉన్నవి పది వరుసలే. అంటే ఆ లెక్కలో అసలు పట్టిక కన్నా వార్తే ఎక్కువ పట్టికలా కనిపిస్తుంది. చుట్టూ వార్త పారే పేజీల్లో ఈ పద్ధతి తప్పడానికి మూలం అదే.

సగం అక్షరాల సంగతి: `crop` అంచుకు తగిలినవాటిని కూడా కోసి ఉంచుకుంటుంది. `within_bbox` పూర్తిగా లోపల ఉన్నవాటినే ఉంచుతుంది. మీకు కావలసింది రెండోది.

గవర్నర్‌పేట:
రెండూ ఒకటే పని. అంచు నాలుగు పాయింట్లు లోపలికి జరిపితే `crop` కూడా సరిపోతుంది. విడిపోయిన వరుసలకు మందు ఇంకా తేలిక. ధర లేని వరుస ఏదొచ్చినా దాన్ని పై వరుసకు కలిపెయ్. తర్వాత కనిష్ఠ ధర గరిష్ఠ ధరను దాటిందేమో చూసుకో. నేను అన్ని పేజీలూ అలాగే దాటించాను.

పటమట:
లోపలికి జరపడానికి చోటుంటే మీ మాట నిజమే. ఇలాంటి బాక్సుల్లో ఆ ఖాళీ చాలా సన్నం, నాలుగు పాయింట్లు జరిపితే పేరులో మొదటి అక్షరమే పోవచ్చు. పై వరుసకు కలపడం మాత్రం తప్పు. పేరు రెండు లైన్లయినప్పుడు ధరను ఆ రెండింటికీ మధ్య ఎత్తులో పెడతాం. "దేవనూరు" ధర కన్నా ముందే వస్తుంది కాబట్టి మీ సూత్రం దాన్ని పైనున్న తేజకు అంటిస్తుంది. "తేజ దేవనూరు" ఒక రకమవుతుంది, దేవనూరు డీలక్స్ ధరల పక్కన "డీలక్స్" ఒక్కటే మిగులుతుంది. ధరలు మాత్రం కదలవు. కనిష్ఠం, గరిష్ఠం సరిగ్గానే ఉంటాయి, మీ పరీక్ష నెగ్గుతుంది, పేర్లు చెడిపోతాయి.

గవర్నర్‌పేట:
పరీక్ష నెగ్గిన పేజీ నెగ్గినట్టే! ఒక ఆఫీసుకు 1,100 పేజీలు చేసిచ్చాను, పేజీకింత అని లెక్క. ప్రతి పేరూ కళ్లతో చూస్తూ కూర్చుంటే కూలి కూడా గిట్టదు. చివరికి ఒక్క గడి తప్పుందని మొత్తం బిల్లు ఆపేశారు. ఆ గడిలో తప్పు పడింది అంకెలో, పేరులో కాదు. అందుకే అంకెలు చూడమంటున్నాను.

పటమట:
మీకు జరిగింది అన్యాయమే అమ్మా, కాదనను. కానీ పేరు పరీక్షించకుండా 1,100 పేజీలు పోయాయంటే, వాటిలో ఎన్ని పేర్లు జారాయో ఎవరూ చూడలేదన్న మాట.

గవర్నర్‌పేట:
అంటే నా పనంతా తప్పుల తడకంటారా? దారి చెప్పకుండా తప్పులు పట్టడం తేలిక.

పటమట:
దారి చెబుతాను. వరుసల్ని పేర్ల నుంచి కాదు, ధరల నుంచి కట్టాలి. ప్రతి వరుసలోనూ కనిష్ఠ ధర ఒకే లైను కదా. మూడు వరుసల్లో ఆ అంకెల మధ్య ఎత్తు పేజీ పైనుంచి 417, 439, 461 పాయింట్లు అనుకుందాం. పక్కపక్క రెండింటికీ నడుమ, అంటే 428, 450 దగ్గర, మనమే గీత గీస్తాం. "దేవనూరు" 434 దగ్గర, "డీలక్స్" 444 దగ్గర ఉంటే రెండూ ఒకే గడిలో పడతాయి. నిలువు గీతలు ధరల కాలమ్‌ల మధ్య ఖాళీ చూసి మీరే ఇవ్వండి.

```python
b = page.within_bbox((288, 406, 476, 472))
t = b.extract_table({
  "vertical_strategy": "explicit",
  "explicit_vertical_lines": [288, 362, 418, 476],
  "horizontal_strategy": "explicit",
  "explicit_horizontal_lines": [406, 428, 450, 472],
})
```

ఇక్కడ నాలుగు అంచులూ ఊహించినవి. మీ పేజీలో బాక్సు గీతలు `page.rects`లో గానీ `page.lines`లో గానీ దొరుకుతాయి, అక్కణ్ణుంచి తీసుకోండి. శీర్షిక పట్టీ కింద నుంచే మొదలుపెట్టండి, లేకపోతే "క్వింటాకు రూ." కూడా ఒక వరుసై కూర్చుంటుంది.

మంగళగిరి:
పేర్లకు ఇంకో పరీక్ష ఉంది. యార్డుకు వచ్చే రకాలు కొన్నే: తేజ, 334, 341, నంబర్ 5, బ్యాడిగి, ఆర్మూరు, తాలు, ఇలా. జాబితా రాసుకుని, అందులో లేని పేరు వస్తే ఆ పేజీని పక్కన పెట్టండి. "తేజ దేవనూరు" అక్కడే దొరికిపోతుంది. 1,100 పేజీలైనా కళ్లతో చూడనక్కర్లేదు.

గవర్నర్‌పేట:
ఇది ముందే చెప్పుంటే ఒప్పుకునేదాన్ని. తమ్ముడూ, అసలు ఈ పట్టిక నీకెందుకు?

బ్రాడీపేట:
మా నాన్న వేసింది 341 ఒక్కటే అక్కా. ఆ సీజన్‌లో ఆయనకు చేతికిచ్చిన ధర, పేపర్లో పడిన ధర పక్కపక్కన పెట్టి చూడాలి. పట్టీలు ఇంట్లోనే ఉన్నాయి.

గవర్నర్‌పేట:
అయితే పేజీకి ఒక్క వరుసేగా! 40 వరుసలు. చేత్తో కొట్టుకుంటే గంట పని. దీనికి ఈ గీతలన్నీ ఎందుకు?

పటమట:
చేత్తో కొట్టేటప్పుడు కన్ను పై వరుసకు జారుతుంది. 341 పక్కనే 334 ఉంటుంది.

గవర్నర్‌పేట:
స్కేలు పెట్టుకుంటే జారదు. ఈ విషయంలో నా మాట మార్చుకోను.

బ్రాడీపేట:
పటమట గారు చెప్పినట్టు గీతలు పెట్టి తీశాను, 34 పేజీలు జాబితాకు సరిపోయాయి. 341 వరుస మాత్రం ఒక్కోటీ పేజీతో పోల్చి చూశాను. మిగతా ఆరింటిలో ఒక పేరు మూడు లైన్లు ఉంది, పక్క వరుసలు ఒక్క లైనే. నడిమి గీత ఆ పేరు పై లైను మీదుగా పోతోంది.

పటమట:
అవును, వరుసల ఎత్తులు సమానంగా లేకపోతే నడిమి గీత చెల్లదు. అక్కడ పేర్ల లైన్ల మధ్య దూరం చూడండి. ఒకే పేరులోని లైన్లు దగ్గరగా ఉంటాయి, వరుస మారేచోట ఖాళీ పెరుగుతుంది. గీత ఆ ఖాళీలో పడాలి. రెండు ఖాళీలూ సమానంగా ఉన్న పేజీలు కూడా చూశాను, వాటికి నా దగ్గర సూత్రం లేదు.

గవర్నర్‌పేట:
ఆ ఆరూ చేత్తో కొట్టు తమ్ముడూ.