అప్‌డేట్: టెలిగ్రామ్ ఛానెల్ తీసేశాను

నా ప్రశ్న: ఓనర్‌గా ఛానెల్‌ని తీసేస్తే, చందాదారులకు పాత సందేశాలు కనిపిస్తాయా?

కనిపించవు. ముందుగా కంప్యూటర్‌లోని టెలిగ్రామ్‌లో Export chat history తో అన్నీ దాచుకున్నాను. తర్వాత ఫోనులో ఛానెల్ పేరు నొక్కి, పెన్సిల్ గుర్తులోకి వెళ్లి, అడుగున ఉన్న Delete Channel నొక్కాను. పక్కనే పెట్టుకున్న తమ్ముడి ఫోనులో చాట్ల జాబితా నుంచి ఛానెల్ మొత్తం మాయమైంది, నాలుగేళ్ల ట్యూషన్ నోట్సుతో సహా!

అయితే వాడు కుటుంబ గ్రూపులోకి ఫార్వర్డ్ చేసిన లెక్కల పేజీ మాత్రం అలాగే ఉంది. అది వేరే ప్రతి కాబట్టి నా చేతిలో లేదు. పైన ఛానెల్ పేరు ఉన్నా, నొక్కితే తెరుచుకోదు.

నాకు 212 మందే ఉన్నారు కాబట్టి సరిపోయింది. వెయ్యి దాటితే ఓనర్‌ని కూడా తీసేయనివ్వదు.