మొదటి పుస్తకం ప్రకటన: వాక్యం ముందా, తేదీ ముందా?

నా మొదటి కథల పుస్తకం వచ్చే నెల 10న విడుదల. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద పెట్టడానికి, తేదీ, ఫోను నంబరు తప్ప మిగతాది ఇలా రాసుకున్నాను:

“అమ్మ కొంగు ముడిలోని రూపాయి, నాన్న చేసిన అప్పుకన్నా బరువుగా ఉండేది.” ముందుగా కావలసినవారు యూపీఐలో 150 రూపాయలు పంపి, రసీదు ఫొటో, పిన్‌కోడుతో చిరునామా వాట్సాప్ చేయండి.

చిక్కేమిటంటే, మొదటి ఒకటి రెండు పంక్తులే కనిపించి మిగతాది more వెనక దాక్కుంటుంది. అమ్మ కొంగు వాక్యం పైన పెడితే తేదీ కనబడదు. తేదీ పెడితే పెళ్లిపత్రికలా ఉంది! అక్కడ రాసిన లింకు నొక్కినా తెరుచుకోదు, అందుకే ఫోను నంబరు ఇస్తున్నాను.

నిన్న ఒక స్నేహితుడు డబ్బు పంపి, చిరునామా మరిచాడు. ముందు చిరునామా తీసుకుని, తరువాతే యూపీఐ వివరాలు ఇస్తే నయమా? ఇలా పుస్తకాలు అమ్మినవారు చెప్పగలరా?