“నోట్స్ చెయ్యమ్మా” అంటే ఏం చేసి పెట్టాలి?

నాటక సమాజం కార్యదర్శి:
సభ్యులకు నమస్కారం. మా సమాజం ఒక పరిషత్తు పోటీకి నాటిక సిద్ధం చేస్తోంది. మా దర్శకుడు శనివారం రాత్రి తొమ్మిది నిమిషాల వాయిస్ నోట్ మాట్లాడి, ఫోన్ దానంతటదే అక్షరాల్లోకి మార్చిన పాఠాన్ని కూడా జతచేసి, కింద “నోట్స్ చెయ్యమ్మా” అని రెండే మాటలు రాసి పంపారు. ఎవరెవరు ఏం చేయాలో పనుల జాబితా రాయమన్నారా, చెప్పినదాని సారాంశం రాయమన్నారా, లేక ఆ పాఠాన్నే తడబాట్లు తీసేసి మాట పోకుండా శుభ్రంగా దిద్దమన్నారా అన్నది నాకు తేలడం లేదు. ఆయన ప్రయాణంలో ఉన్నారు, ఫోన్ కలవడం లేదు. మచ్చుకు కొంత భాగం ఇస్తున్నాను. విరామ చిహ్నాలు లేకుండానే వచ్చింది:

“ఆ ఏంటంటే హాలాయన పన్నెండు వేలంటున్నాడు వాళ్ళ తమ్ముడైతే పదికి ఇప్పిస్తాట్ట చూద్దాం రిహార్సల్స్ సోమవారం నుంచి పెట్టేద్దాం హార్మోనియం మాస్టారు వస్తే లైటింగ్ అతనికి అడ్వాన్స్ ఇచ్చాం కనుక్కొని చెప్పు ఇంకోటి రెండో రంగంలో ఆ ఉత్తరం చదివేది మరీ సాగుతోంది సగం తీసేద్దాం కాదులే ఉంచుదాం కాకపోతే తల్లి మాట మాత్రం చివర్న పడాలి మేకప్ సంగతి వాళ్ళు చూసుకుంటారు”

తెలుగు మాస్టారు:
ఇందులో సందేహానికి తావు లేదు. మన బడుల్లో నోట్స్ అంటే పాఠం సారాంశమే. తొమ్మిది నిమిషాల మాటను అరపేజీకి కుదించి ఇవ్వండి, చాలు. పనుల జాబితా కావాలనుకుంటే ఆయన “ఎవరేం చేయాలో రాయి” అని ఉండేవారు.

విశ్రాంత స్టెనో:
మాస్టారూ, మీరన్నది సగమే నిజం. అదే బడిలో “నోట్స్ చెప్పడం” అంటే మాస్టారు చెప్తూ ఉంటే పిల్లలు మాట పోకుండా రాసుకోవడం. ఒకే మాటకు కుదించి రాయడమూ, ఉన్నదున్నట్టు రాయడమూ రెండూ బడిలోనే అర్థాలైనప్పుడు, ఆ మాటను పట్టుకుని తేల్చుకోలేము. పంపిన పాఠంలో క్రియలు ఎలా ముగుస్తున్నాయో చూస్తేనే తేలుతుంది. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో చాలాకాలం సమావేశాల వివరాలు రాశాను కనుక నాకు తెలిసిన పద్ధతి చెప్తాను.

మాట్లాడినవారు ఒక్కరే అయి, “చెప్పు, పంపు, కనుక్కో” అని వినేవారికి పని అప్పగించే క్రియలు కనిపిస్తే, వారికి కావలసింది పనుల జాబితా. “వెళ్ళాను, అన్నాడు, కుదరలేదు” అని జరిగినదాన్ని చెప్పుకుంటూ పోతే సారాంశం. ఇక తాము వాడిన మాటనే తాము దిద్దుకుంటూ, ఒక వాక్యాన్ని రెండు మూడు విధాలుగా చెప్పి చూసుకుంటూ ఉంటే, వారు నోటితో రాసుకుంటున్నారన్నమాట. దాన్ని కుదిస్తే వారి పని మొత్తం పోతుంది, శుభ్రం చేసి ఇవ్వడమే సబబు. మీ పాఠంలో మొదటి భాగం మొదటి రకం, ఉత్తరం ఘట్టం మూడో రకం. కాబట్టి ఒకే కాగితం మీద పైన పనుల జాబితా, కింద రెండో రంగం గురించి ఆయన చెప్పిన మాటలు శుభ్రం చేసిన పాఠంగా ఇవ్వండి. ఈ పాఠంలో జరిగినది చెప్పిన క్రియలు హాలు బేరం దగ్గర తప్ప పెద్దగా లేవు కనుక విడిగా సారాంశం అక్కరలేదు.

న్యాయవాది గుమాస్తా:
ఒక్క అక్షరం కూడా ముట్టుకోకండి. మా దగ్గర ఒక అద్దె తగాదాలో ఫోన్ సంభాషణను అక్షరాల్లో పెట్టవలసి వచ్చింది. “ఆ”, “ఊ” అన్నవి, మధ్యలో దగ్గు, నిశ్శబ్దం అన్నీ రాయించారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కూడా కావాలి. అంతకు ముందు పాత సాక్ష్య చట్టంలోని 65బీ సెక్షన్ కింద ఇచ్చేవాళ్ళం. మీరు శుభ్రం చేశారంటే అది సాక్ష్యంగా నిలవదు.

నాటక సమాజం కార్యదర్శి:
అయ్యా, ఇక్కడ తగాదా ఏదీ లేదండీ, నాటిక ఉంది. అసలు ఆడియోను మాత్రం తప్పకుండా దాచి ఉంచుతాను.

స్టెనో గారూ, మీరు చెప్పినట్టే పనుల జాబితా మొదలుపెట్టాను. “హాలు పది వేలకు మాట్లాడాలి, సోమవారం నుంచి రిహార్సల్స్, లైటింగ్‌కు అడ్వాన్స్ ఇచ్చారు, మేకప్ వాళ్ళు చూసుకుంటారు” అని నాలుగు రాశాను. సరిపోతుందా?

విశ్రాంత స్టెనో:
అమ్మా, ఆ నాలుగూ మళ్ళీ చూడాలి. మొదటిది తీసుకోండి. ఆయన “ఇప్పిస్తాట్ట” అన్నారు. చివర ఉన్న ఆ “ట” వల్ల, ఈ పది వేల మాట ఆయన ఎవరో చెప్పగా విన్నారని, హాలాయన తమ్ముడితో తాను మాట్లాడలేదని తెలుస్తోంది. శుభ్రం చేసే తొందరలో దాన్ని “ఇప్పిస్తాడు” అని రాస్తే, వినికిడి మాట కాస్తా ఒప్పందమైపోతుంది. రేపు పన్నెండు వేలు కట్టవలసి వచ్చినప్పుడు కోశాధికారి మీ నోట్స్ చూపించి మిమ్మల్నే అడుగుతారు. పైగా దాని వెంట “చూద్దాం” ఉంది. అది పని అప్పగించడం కాదు, పక్కన పెట్టడం. కనుక జాబితాలో “హాలు: అడిగినది 12,000. తమ్ముడి ద్వారా 10,000 కావచ్చని వినికిడి. నిర్ణయం కాలేదు” అని రాయండి, ఎవరి పేరూ వేయకండి.

రెండోదానిలో “హార్మోనియం మాస్టారు వస్తే” అన్న ముక్క ఎగిరిపోయింది. మనం రాసేటప్పుడు షరతును ముందు పెడతాం, మాట్లాడేటప్పుడు క్రియ అయిపోయాక గుర్తొచ్చి తోక తగిలిస్తాం. వాక్యం “పెట్టేద్దాం” దగ్గర ముగిసిందనుకుని అక్కడే చుక్క పెట్టేవారికి ఆ తోక తరువాతి వాక్యంలో కలిసిపోయి, హార్మోనియం మాస్టారు వస్తే లైటింగ్ అడ్వాన్స్ ఇచ్చినట్టు చదువుకునే ప్రమాదం ఉంది. మరొక సంగతి, సోమవారం పక్కన తేదీ వేయండి. శనివారం రాత్రి మాట్లాడినవారికి అది ఎల్లుండే కావచ్చు, ఆపై వారం కూడా కావచ్చు.

మూడోది అన్నిటికన్నా అనుమానాస్పదంగా ఉంది. అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే “కనుక్కొని చెప్పు” అని ఎందుకంటారు? ఆయన “ఇచ్చామా?” అని అడిగి ఉంటారు. మన భాషలో చాలాసార్లు ప్రశ్న అంతా ఆ చివరి దీర్ఘంలోనే ఉంటుంది. ఫోన్ రాసిన పాఠాల్లో అది తరచుగా రాలిపోతుంది, ప్రశ్నార్థకం ఎలాగూ ఉండదు. ఆ నాలుగు క్షణాల ఆడియో ఒకసారి వినండి.

నాటక సమాజం కార్యదర్శి:
విన్నాను. మీరన్నది నిజం, “ఇచ్చామా” అనే ఉంది. ఆ దీర్ఘం మీద స్వరం కూడా పైకి లేచింది.

విశ్రాంత స్టెనో:
అయితే అది జరిగిపోయిన పని కాదు, మీకు అప్పగించిన పని. మొత్తం పాఠంలో సూటిగా మీకు చెప్పిన పని అదొక్కటే కావచ్చు. ఇలాంటి పాఠాల్లో “-ఆం” తో ముగిసే ప్రతి క్రియనూ, ప్రతి అంకెనూ, “లేదు, లేము, కాదు” అన్న ప్రతిచోటునూ ఆడియోతో సరిచూడటం నా అలవాటు. మిగతాది చదువుకుంటూ పోవచ్చు. ఇక మేకప్ దగ్గర “వాళ్ళు” ఎవరో పాఠంలో లేదు. తెలిసినట్టు పేరు వేయకుండా “ఎవరు? అడగాలి” అని ఉంచండి.

కరీంనగర్ నుంచి ఒక సభ్యురాలు:
“చూద్దాం” అంటే పక్కన పెట్టడమే అని అంత గట్టిగా చెప్పడం నాకు నచ్చలేదండీ. మా ఇంట్లో మా నాన్న “చూద్దాం తియ్” అంటే ఇక ఆ ఊసు ఎత్తవద్దని అర్థం, ఒట్టి “చూద్దాం” అంటే మాత్రం నిజంగానే వెళ్ళి చూసి వస్తారు. మీ దర్శకుడు ఏ రకం మనిషో ఆయనతో పనిచేసినవారికే తెలుస్తుంది. అలాగే “కాదులే ఉంచుదాం” లో ఉన్న “లే” నాకు అంత స్థిరమైన నిర్ణయంలా వినిపించడం లేదు, మనసు ఇంకా అటూ ఇటూ ఊగుతున్నట్టే ఉంది.

విశ్రాంత స్టెనో:
మనిషిని బట్టి మారుతుందన్న మాట ఒప్పుకుంటాను. కానీ “నిర్ణయం కాలేదు” అని రాసినందువల్ల రెండు అర్థాల్లో దేనికీ నష్టం లేదు. “మాట్లాడాలి” అని రాస్తే ఒక అర్థానికి కట్టుబడిపోతాం. “లే” విషయంలో మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. ముందన్న మాటను రద్దు చేయడానికి “కాదులే” అంటాం, ఆ తరువాత వచ్చిందే చివరి మాట.

తెలుగు మాస్టారు:
ఇంత సందేహం ఉన్నప్పుడు అందుకే సారాంశం మేలంటాను. కంపెనీల చట్టం 2013లోని 118వ సెక్షన్ కూడా సమావేశపు మినిట్స్‌లో జరిగినదాని సరైన, న్యాయమైన సారాంశం ఉండాలనే అడుగుతుంది, మాట మాటా అడగదు.

విశ్రాంత స్టెనో:
అది నిజమే మాస్టారూ. అయితే అక్కడ నలుగురూ కూర్చుని తీర్మానం చేసి ఉంటారు. కుదించడానికి తేలిన విషయం ఒకటి ఉంటుంది. ఇక్కడ ఒక మనిషి కారులో కూర్చుని ఆలోచించుకుంటున్నాడు. తేలనిదాన్ని సారాంశం చేస్తే, తేల్చినవాళ్ళం మనమే అవుతాం. ఉత్తరం ఘట్టాన్ని అందుకే కుదించవద్దంటున్నాను. “రెండో రంగంలో ఉత్తరం నిడివి గురించి చర్చించారు” అని రాస్తే అది తప్పు కాదు, కానీ నటికి దానివల్ల ప్రయోజనం లేదు. ఆమెకు కావలసింది తల్లి మాట చివర్న పడాలన్న ఒక్క ముక్క.

నాటక సమాజం కార్యదర్శి:
అందరికీ కృతజ్ఞతలు. ఆయన దిగేలోగా పంపాలని ఇలా రాశాను:

“మాట్లాడినది శనివారం రాత్రి. పని: లైటింగ్ అడ్వాన్స్ ఇచ్చామో లేదో కనుక్కుని చెప్పడం (నేను). తేలవలసినవి: హాలు 12,000కా, వినికిడిగా ఉన్న 10,000కా, హార్మోనియం మాస్టారు వస్తే సోమవారం నుంచి రిహార్సల్స్, ఏ సోమవారం?; మేకప్ ఎవరు చూసుకుంటారు?

రెండో రంగం, మీ మాటల్లో: ‘ఆ ఉత్తరం చదివేది మరీ సాగుతోంది. సగం తీసేద్దాం... కాదులే, ఉంచుదాం. కాకపోతే తల్లి మాట మాత్రం చివర్న పడాలి.’”

“ఏంటంటే”, “ఇంకోటి” తీసేశాను. “సగం తీసేద్దాం” అన్నది ఆయనే రద్దు చేసుకున్న మాట కనుక ఉంచాలా తీయాలా అని తటపటాయించి, కరీంనగర్ సోదరి చెప్పినదాన్ని బట్టి ఉంచేశాను.

విశ్రాంత స్టెనో:
నేనైతే తీసేసేవాణ్ణి. శుభ్రం చేసిన పాఠంలో మనిషి వెనక్కి తీసుకున్న మాట ఉండకూడదని మాకు నేర్పారు.

కరీంనగర్ నుంచి ఒక సభ్యురాలు:
అది ఉంటేనే కదండీ, ఆ ఘట్టం సాగుతోందని ఆయనకు ఎంత బలంగా అనిపించిందో నటికి తెలిసేది.