అరవై రోజుల్లో ఈఏపీసెట్ సిలబస్: రోజుకో చాప్టర్ లెక్క కుదరట్లేదు, ఎలా విడగొట్టాలి?

అందరికీ నమస్కారం. తెలంగాణ ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌కి చదువుతున్నాను. ఇంకా అరవై రోజులుంది. మొదట రోజుకో చాప్టర్ అని గోడ మీద రాసుకున్నాను. మాత్రికలు ఒక్కరోజులో అయిపోయాయి కానీ సమాకలనులకు నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ ఫిజిక్స్ పుస్తకం తెరవలేదు. దాంతో కింద రాసుకున్న తేదీలన్నీ తప్పాయి.

అందుకే ఇప్పుడు చాప్టర్లు వదిలేసి గంటల్లో పంచాలనుకుంటున్నాను. పేపర్లో 160 ప్రశ్నల్లో మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40 కాబట్టి రోజుకి ఎనిమిది గంటల్లో నాలుగు, రెండు, రెండు. ఆదివారం కొత్తది ముట్టకుండా మిగిలిపోయినవే. చివరి పదిహేను రోజులు మాక్ టెస్టులకే.

నా భయమల్లా ఫిజిక్స్ గురించే, అందులో బాగా వెనకబడ్డాను. రెండు గంటలు సరిపోతాయా, లేక మ్యాథ్స్‌లోంచి ఒక గంట తీసి ఇవ్వాలా? ఇలా చదివినవాళ్లు దయచేసి చెప్పండి.