ట్రాక్టర్ లోన్ల మీద రాబోయే నష్టం: సగటు పీడీని సగటు ఎల్‌జీడీతో గుణిస్తే సరిపోతుందా?

బెజవాడ_లెక్కలు
మా ఎన్‌బీఎఫ్‌సీలో ట్రాక్టర్ లోన్లు 100 కోట్లు. అంకెలు కాస్త గుండ్రంగా మార్చి రాస్తున్నాను. నాలుగేళ్ల డేటా ఉంది. వానలు బాగా పడ్డ రెండేళ్లలో పీడీ, అంటే ఏడాదిలో ఎగవేతలోకి వెళ్లే లోన్ల వాటా, 2 శాతం. ఎల్‌జీడీ, అంటే ఎగవేసిన బాకీలో చివరికి పోయే వాటా, 25 శాతం. కరువొచ్చిన రెండేళ్లలో పీడీ 8, ఎల్‌జీడీ 45. మా మేనేజర్ గారు సగటు పీడీ 5, సగటు ఎల్‌జీడీ 35 తీసుకుని 1.75 కోట్లు అని తేల్చారు. ఆడిటర్ అది తక్కువ అంటున్నారు. ఎవరి లెక్క కరెక్ట్?

ఎక్సెల్_వీరుడు
ఫార్ములా అందరికీ తెలిసిందే:

EL = PD × LGD × EAD

ఇందులో EL రాబోయే నష్టం, EAD ఎగవేత రోజుకి ఉండే బాకీ. మేనేజర్ గారు దాని ప్రకారమే వెళ్లారు. కాకపోతే సగటు వేసుకుంటే కరువులో దొరికిపోతాం. అందుకే ఎల్‌జీడీ ఎప్పుడూ 45 పెట్టేయండి, 2.25 కోట్లు వస్తుంది, ఆడిటర్ నోరెత్తడు. బ్యాంకుల మూలధనానికి పెట్టిన బాసెల్ నియమాల్లో కూడా 45 శాతమే ఉంటుంది కదా.

పాత_క్రెడిట్
వీరుడు గారూ, ఆ 45కీ ఈ 45కీ చుట్టరికం లేదు. బాసెల్ 2లో, ఎల్‌జీడీ అంకెను నియమాలే ఇచ్చే ఫౌండేషన్ పద్ధతి కింద, తాకట్టు లేని కార్పొరేట్ సీనియర్ అప్పులకు పెట్టిన అంకె అది. తర్వాత కార్పొరేట్లకు దాన్ని 40కి తగ్గించారు. రిటైల్ లోన్లకు అసలు ఫౌండేషన్ పద్ధతే లేదు. ట్రాక్టర్‌కి దాన్ని అతికించడం కుదరదు.

అసలు లెక్క చూద్దాం. మంచి ఏడాది నష్టం 100 కోట్లలో 2 శాతం, అందులో 25 శాతం. అంటే 50 లక్షలు. కరువు ఏడాది 8 శాతంలో 45 శాతం, అంటే 3.6 కోట్లు. నాలుగేళ్ల సగటు 2.05 కోట్లు. మేనేజర్ గారి 1.75కీ దీనికీ తేడా 30 లక్షలు.

ఆ 30 లక్షలు ఎక్కడ జారిపోయాయంటే, పీడీ, ఎల్‌జీడీ రెండూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. కరువొస్తే కిస్తీలు ఆగుతాయి, మరిన్ని బండ్లు యార్డుకొస్తాయి. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ కొనేది కూడా రైతే, అతని దగ్గరా ఆ ఏడు డబ్బుండదు. అందుకే వేలంలో ధర పడిపోతుంది. రెండిటికీ విడివిడిగా సగటు తీస్తే ఈ సంబంధం లెక్కలోంచి తప్పుకుంటుంది.

దీనికి 45 పెట్టనక్కర్లేదు. ఎల్‌జీడీ సగటును ఏడాదికొక ఓటు చొప్పున కాకుండా, ఎగవేతకొక ఓటు చొప్పున తీయండి. మంచి ఏడాది రెండు ఎగవేతలుంటే కరువు ఏడాది ఎనిమిది ఉన్నాయి. రెండిటికి 25, ఎనిమిదికి 45 వేస్తే సగటు 41. ఐదు శాతాన్ని 41తో గుణిస్తే సరిగ్గా 2.05 వస్తుంది. బాసెల్ నియమాల్లో కూడా బ్యాంకు సొంతంగా వేసుకునే ఎల్‌జీడీ ఇలా ఎగవేతల లెక్కన తీసిన దీర్ఘకాల సగటు కంటే తగ్గకూడదని ఉంది. 45ని సగటు పీడీతో కలిపితే మంచి ఏళ్ల ఎగవేతలకు కూడా కరువు ధర కట్టినట్టవుతుంది.

ఎక్సెల్_వీరుడు
నష్టం కోసం ముందే పక్కన పెట్టే ప్రొవిజన్ 20 లక్షలు ఎక్కువైతే కొంపలేం మునగవు సార్. తక్కువ పెడితేనే టెన్షన్.

పాత_క్రెడిట్
దాన్నే వడ్డీ రేటులోకి తోస్తారు. అప్పుడు బాగా కట్టే రైతు పక్క కంపెనీకి పోతాడు, మీకు మిగిలేది మిగతావాళ్లు.

కళ్యాణదుర్గం_రైతుబిడ్డ
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. పీడీ 8 శాతం అంటే మేము 8 శాతం ఎగ్గొడతామని ముందే రాసిపెట్టుకున్నారా? మాది ఆర్నెల్లకో కిస్తీ. వేరుశనగ డబ్బులు వ్యాపారి దగ్గర ఆగిపోయి 90 రోజులు దాటింది. రోజూ ఫోన్లు. డబ్బు రాగానే పెనాల్టీతో సహా మొత్తం కట్టేశాను. నన్ను కూడా మీ ఎగవేతల లిస్టులో కలిపేశారా?

ఆడిట్_అక్క
తమ్ముడూ, 8 శాతం అంటే మీ బాకీలో 8 శాతం కాదు. మీలాంటి వంద లోన్లలో ఒక ఏడాదిలో ఎనిమిది 90 రోజులు దాటతాయని అంచనా. ఇక మీ ప్రశ్నకు జవాబు, అవును, కలిపే ఉంటారు. 90 రోజులు దాటిన రోజునే మీరు పీడీ లెక్కలోకి ఎక్కారు. కానీ మీ వల్ల వాళ్లకు నష్టం దాదాపు సున్నా. ఆ సున్నా కూడా ఎల్‌జీడీ లెక్కలో ఉండాలి. చాలాచోట్ల అది ఉండదు.

బెజవాడ గారూ, అందుకే అడుగుతున్నాను. మీ 25, 45 ఎక్కడి నుంచి తీశారు? యార్డ్ రిజిస్టర్ నుంచేనా?

బెజవాడ_లెక్కలు
అవును మేడమ్. సీజ్ చేసి అమ్మిన బండ్ల రిజిస్టర్. బాకీలోంచి అమ్మిన ధర తీసేసి, మిగిలింది శాతంగా వేశాం. తర్వాత కట్టేసినవాళ్ల లెక్క కలెక్షన్ వాళ్ల దగ్గర ఉంటుంది, మా షీట్‌లోకి రాదు.

ఆడిట్_అక్క
అయితే ఇందులో రెండు లోపాలున్నాయి, ఒకటి అటు లాగుతుంది, ఒకటి ఇటు. ఒక బండి తీసుకుందాం. 90 రోజులు దాటిన నాటికి అసలు, అప్పటిదాకా పేరుకున్న వడ్డీ కలిపి బాకీ 4 లక్షలు. ఏడాదిన్నర తర్వాత 2.8 లక్షలకు అమ్మారు. రిజిస్టర్ ప్రకారం నష్టం 30 శాతం. కానీ సీజింగ్ ఏజెంట్‌కి, యార్డ్ అద్దెకి, చిన్న రిపేర్లకి 30 వేలు పోయాయనుకోండి. చేతికొచ్చింది 2.5 లక్షలే, అదీ ఏడాదిన్నర ఆలస్యంగా. లోన్ వడ్డీ 16 శాతం అయితే, ఆ రేటున వెనక్కి లెక్కగడితే ఎగవేత రోజుకి దాని విలువ 2 లక్షలు. నష్టం 50 శాతం.

ఇప్పుడు రెండో వైపు. వంద ఎగవేతల్లో 40 మంది ఈ తమ్ముడిలా కట్టేశారనుకుందాం. మిగతా 60 మందికి 50 శాతం, ఈ 40 మందికి సున్నా వేస్తే, మొత్తం మీద ఎల్‌జీడీ 30 శాతం. రిజిస్టర్ చెప్పిందీ 30 శాతమే! రెండు లోపాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. కరువు ఏడాది అలా కొట్టేసుకోవు. తిరిగి కట్టేవాళ్లు తగ్గుతారు, బండి యార్డులో ఎక్కువ నెలలు ఉంటుంది. అప్పుడు నిజం నష్టం రిజిస్టర్ అంకెను దాటిపోతుంది.

పాత_క్రెడిట్
ఒప్పుకుంటాను. నా 2.05 కూడా బెజవాడ గారు ఇచ్చిన 25, 45 నిజమైతేనే నిలబడుతుంది. ఒక మాట కలుపుతాను. కట్టేసినవాళ్లలో కొందరు మళ్లీ ఆరు నెలలకే జారిపోతారు. అలాంటి లోన్‌ని రెండు ఎగవేతలుగా లెక్కేసి, మొదటిదానికి సున్నా నష్టం రాస్తే ఎల్‌జీడీ అందంగా కనిపిస్తుంది. ఎన్ని నెలలు సరిగ్గా కడితే కోలుకున్నట్టో ముందే రాసుకుని, పీడీకీ ఎల్‌జీడీకీ అదే వాడండి.

కిరాణా_ఓడీ
ఈఏడీ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అది బాకీయే కదా, చర్చేముంది?

పాత_క్రెడిట్
ట్రాక్టర్ లోన్‌లో దాదాపు అంతే. మీ పేరులో ఉన్న ఓడీలో, అంటే ఓవర్‌డ్రాఫ్ట్‌లో, అలా కాదు. 10 లక్షల లిమిట్, ఈరోజు వాడింది 4. వ్యాపారం దెబ్బతింటున్నప్పుడు మనిషి మొదట చేసే పని మిగతా లిమిట్ లాగేయడం. ఎగవేత రోజుకి 9 లక్షలుంటే, వాడని 6లో 5 వాడేశాడన్నమాట. ఈరోజు బాకీ 4 మీద లెక్కేస్తే సగం కూడా పట్టుకోలేం.

ఖమ్మం_కలెక్షన్స్
మీరంతా సగటుల గురించి కొట్టుకుంటున్నారు. నేను 2010లో మైక్రోఫైనాన్స్‌లో ఫీల్డ్‌లో ఉన్నాను. ఉమ్మడి రాష్ట్రంలో రికవరీ వంద శాతానికి దగ్గర్లో ఉండేది. అప్పుల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, ఆ అక్టోబర్‌లో మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్. నెలల్లో వసూళ్లు పది శాతం దగ్గరికి పడిపోయాయి. తాకట్టేమీ లేదు, గ్రూపు పూచీ ఒక్కటే, గ్రూపంతా ఒకేసారి ఆగిపోయింది. మీ ఫార్ములాలో అది ఎక్కడుంది?

పాత_క్రెడిట్
లేదండీ, ఉండదు కూడా. ఏటా వచ్చే నష్టం సగటుకి ఈ అంకె. దాన్ని ప్రొవిజన్, వడ్డీ రేటు మోస్తాయి. ఒకే రాష్ట్రంలో అందరూ ఒకేసారి ఆగిపోతే వచ్చే నష్టాన్ని మోయాల్సింది మూలధనం. ఇంకో విషయం, ఈ గుణకారం చేసేటప్పుడు వేయి లోన్లు వేర్వేరుగా మునుగుతాయా, కలిసి మునుగుతాయా అన్నదాన్ని బట్టి సగటు మారదు. సగటు చుట్టూ ఊగిసలాట మాత్రం విపరీతంగా మారుతుంది.

ఖమ్మం_కలెక్షన్స్
పుస్తకంలో చక్కగానే ఉంటుంది. మా ఆఫీసులో ఆ పదేళ్ల మంచి రికవరీ చూపించి "నష్టం ఒక శాతం లోపే" అని బ్యాంకుల నుంచి అప్పు తెచ్చారు. ఆ మంచి పదేళ్లే డేటా కాబట్టి పీడీ కూడా తప్పే, మూలధనం సంగతి తర్వాత.

ఆడిట్_అక్క
ఖమ్మం గారు చెప్పింది ఇక్కడికి కూడా వర్తిస్తుంది. బెజవాడ గారూ, మీ నాలుగేళ్లలో రెండు కరువులు. మీ దగ్గర పదేళ్ల డేటా ఉండి, అందులోనూ కరువులు రెండే అయితే? ఎనిమిదేళ్లు 50 లక్షలు, రెండేళ్లు 3.6 కోట్లు. సగటు 1.12 కోట్లు. సగటు ఎలా తీయాలన్నదాని మీద 30 లక్షలు కొట్టుకున్నాం. ఎన్నేళ్లు తీసుకోవాలన్నదాని మీద 93 లక్షలు కదిలింది.

మీకు ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగ్ ప్రమాణం వర్తిస్తుంది కదా. అది పాత సగటును అడగదు. రాబోయే ఏడాది ఎలా ఉండొచ్చో రెండు మూడు రకాలుగా ఊహించి, ఒక్కోదానికి ఇంత అవకాశమని పెట్టి, ఒక్కోదానిలో నష్టం విడిగా లెక్కేసి కలపమంటుంది. కరువుకి 30 శాతం అవకాశం పెడితే 35 లక్షలు, 1.08 కోట్లు కలిసి 1.43 కోట్లు.

ఎక్సెల్_వీరుడు
అంటే మేనేజర్ 1.75 పెట్టింది ఎక్కువే అయింది! నేను ముందే చెప్పాను ఆయన తప్పు లేదని.

పాత_క్రెడిట్
30 శాతం అన్నందుకు 1.43. యాభై అంటే మళ్లీ 2.05. ఆయన 1.75 ఏ ఏడాదికీ చెందని అంకె. అక్కా, ఇక్కడే నాకు అభ్యంతరం. ఆ 30 ఎవరు చెప్పాలి? లాభం తగ్గిన త్రైమాసికంలో అది 20 అవుతుంది, నేను చూశాను. ప్రొవిజన్‌కి కూడా దీర్ఘకాల సగటే వాడి గమ్మునుండటం మేలు.

ఆడిట్_అక్క
దీర్ఘకాల సగటు ధర పెట్టడానికి బాగుంటుంది. జూలై సగం దాటాక వాన చుక్క లేకపోయినా అదే 2.05 చూపిస్తే, అది ప్రొవిజన్ అనిపించుకోదు. అవకాశం శాతాన్ని వాతావరణ శాఖ సూచనకు ముడిపెట్టండి, ఎవరూ కదపలేరు.

కళ్యాణదుర్గం_రైతుబిడ్డ
అక్కా, దేశమంతా మామూలు వర్షపాతం అన్న ఏడే మాకు కాయ పట్టలేదు. మా మండలం సంగతి ఆ సూచనలో ఉండదు.

బెజవాడ_లెక్కలు
మా లోన్లలో సగానికి పైగా అనంతపురం, కర్నూలు వైపే. జిల్లా వర్షపాతంతో ముడిపెట్టాలంటే కరువు ఏళ్ల శాంపిల్ ఇంకా చిన్నదవుతుంది, ఒక్కో జిల్లాకి ఎగవేతలు పదుల్లోనే ఉంటాయి. ముందు కలెక్షన్ వాళ్ల దగ్గర కట్టేసినవాళ్ల లిస్టు తీసుకుని ఎల్‌జీడీ మళ్లీ వేస్తాను. జిల్లాలవారీగా విడగొట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? కనీసం ఎన్ని ఎగవేతలుంటే విడగొట్టారు?